మూడో సిలిండరు తూకం

తొంభై తొమ్మిదిలో నా చేతిలో ఉన్నవి ఇవి: విజయవాడ ఆటోనగర్లో ఒక అద్దె రేకుల షెడ్డు, తుక్కు కింద కొన్న రెండు అంబాసిడర్ పెట్రోలు ఇంజన్లు, మా అక్క సాజిదా భర్త నాగుల్ మీరా. షెడ్డు ఖరీదు దాని యజమాని కట్టాడు. ఇంజన్ల ఖరీదు నేను బేరమాడి కట్టాను. మా బావ ఖరీదు రూపాయిలో పావలా అని కూడా నేనే కట్టాను. పెట్టుబడి నాది, బేరం నాది, మాట నాది. చేతులు మాత్రం అతనివి. ముప్పావలా నాకు, పావలా అతనికి. సరే అన్నాడు. సరే అన్నవాడు ఒప్పుకున్నట్టే అని వ్యాపారంలో లెక్క.

అప్పట్లో అంబాసిడర్లున్న వాళ్లంతా పెట్రోలు ఇంజను పీకించి డీజిలు ఇంజను పెట్టించుకుంటున్నారు. పీకిన ఇంజను తూకానికి వచ్చేది. మరోవైపు డెల్టాలో వరి చేల మధ్య ఇంజనీరింగ్ కాలేజీలు లేస్తున్నాయి. ప్రతి కాలేజీకీ ల్యాబ్ కావాలి, ల్యాబ్‌లో నాలుగు సిలిండర్ల పెట్రోలు ఇంజను కావాలి, దాని బలం కొలిచే డైనమోమీటరు కావాలి. ఇవన్నీ కోయంబత్తూరు నుంచి వచ్చేవి. వాళ్లు చెప్పే ధరలో సగానికి ఇచ్చినా నాకు మిగులుతుందని లెక్కేశాను. తుక్కు ముస్తాక్ అని పిలిచే నోళ్లతోనే ల్యాబ్ ముస్తాక్ గారు అనిపించుకోవాలని కూడా ఉంది. అది లెక్కలో వేయలేదు గాని, ఉంది.

మొదటి ఆర్డరు కైకలూరు దారిలో కొత్తగా పెట్టిన కాలేజీ నుంచి వచ్చింది. కరస్పాండెంట్ కాశీరావు గారు కొల్లేటి చేపల వ్యాపారంలో పైకొచ్చిన మనిషి. ఫోన్లోనే బేరం ముగించాడు.

"సాయిబు గారూ, ఇది బాగుంటే మా వియ్యంకుడి వాళ్లవి ఇంకో మూడు కాలేజీలున్నాయి. అన్నీ మీకే. బాగోకపోతే మీ ఇంజను మీ గుమ్మంలో దింపి వెళ్తా."

"బాగుంటదండీ. ఏం టెస్టు చేస్తారో చెప్పండి, దానికి తగ్గట్టే కట్టిస్తా."

"నాకేం తెలుసండీ? మా మేడమ్ చెప్పింది. ఒక్కో సిలిండరు ఆపేసి చూస్తారంట. టెస్టు అయ్యేదాకా స్పీడు కదలకుండా ఉండాలంట. అదొక్కటి గట్టిగా చెప్పమంది."

స్పీడు కదలకుండా ఉండాలి. ఆ మాట బావకు చెప్పాను. అతను ఇంజను మీద చెయ్యి వేశాడు.

"సిలిండరు ఆపితే స్పీడు పడుద్ది బామ్మర్దీ. పడకుండా ఎట్టా ఉంటది?"

"జనరేటర్లకి లోడు పడ్డా స్పీడు పడదుగా?"

"దానికి గవర్నరు ఉంటది. స్పీడు పడబోతే అదే యాక్సిలేటరు తెరుస్తది."

"అయితే మనమూ పెడదాం."

"గవర్నరు ఎక్కడ దొరుకుద్ది, గవర్నర్‌పేటలోనా?" అని నవ్వాడు.

నిజంగానే గవర్నర్‌పేటలో దొరికింది, పాత జనరేటర్లు విప్పే ఒక దుకాణంలో. బావ దాన్ని ఇంజను ముందు బెల్టుతో తిప్పేలా బిగించి, దాని చేతిని సన్నటి కడ్డీతో కార్బురేటరుకు కలిపాడు. కోయంబత్తూరు వాళ్లు కూడా ఇవ్వని సదుపాయం నేనిస్తున్నానని మురిసిపోయాను. నాలుగు సిలిండర్లకూ గాలి కారకుండా పట్టే కొత్త పిస్టను రింగులు తెచ్చి అతని చేతిలో పెట్టాను. ఒక్కో స్పార్కు ప్లగ్గునూ ఆపడానికి పలక మీద నాలుగు స్విచ్‌లు పెట్టించాను. స్విచ్ వేస్తే ప్లగ్గుకు పోవలసిన కరెంటు ఇంజను ఒంట్లోకి పోతుంది. నిప్పు రాదు, ఆ సిలిండరు మండదు.

షెడ్డులో పరీక్షించినప్పుడు ఒకటో స్విచ్ నేనే వేశాను. ఇంజను ఒక్కసారి గొంతు మార్చింది. గవర్నరు చెయ్యి కదిలింది. స్పీడు ముల్లు కొంచెం దిగి, వెంటనే పదిహేను వందలకు ఎక్కి కూర్చుంది. మూడు కాళ్ల మీద కూడా అదే పరుగు. రెండు, మూడు, నాలుగు, అన్నీ అంతే. చుట్టుపక్కల షెడ్ల వాళ్లను పిలిచి చూపించాను. టాక్సీలు తిప్పే తారిక్ కూడా వచ్చాడు.

"మీ బావ చేతిలో మహిమ ఉంది," అన్నాడు తారిక్.

బావ చేతులు గుడ్డతో తుడుచుకుంటూ నిలబడ్డాడు. సిగ్గుపడుతున్నాడనుకున్నాను.

ఇంజనును మినీ లారీలో ఎక్కించి కాలేజీకి తీసుకుపోయాం. ల్యాబ్‌లో ఇంకా సున్నం వాసన పోలేదు. కాశీరావు గారు కుర్చీ వేయించుకుని కూర్చున్నారు. ల్యాబ్ చూసే పద్మశ్రీ మేడమ్‌కు ముప్పై ఏళ్లు కూడా ఉండవు. మాట తక్కువ. డైనమోమీటరుకు నీళ్ల గొట్టం తగిలించి, ఇంజను వేడెక్కేదాకా ఆగి, లోడు సరిచేసింది. స్పీడు పదిహేను వందలు. ఇంజను లాగే బరువు చూపే తూకం ముల్లు పన్నెండు కిలోల దగ్గర నిలిచింది.

"ఒకటో స్విచ్ వెయ్యండి," అంది.

బావ వేశాడు. మా షెడ్డులో జరిగిందే జరిగింది. మేడమ్ లోడు తగ్గించడానికి చక్రం మీద చెయ్యి వేసి, తిప్పకుండా ఆగిపోయింది.

"స్పీడు పడలేదేంటి?"

"అదే మేడమ్ మా ఇంజను ప్రత్యేకత," అన్నాను. "స్పీడు కదలకూడదన్నారు కదా."

ఆమె నావైపు ఒకసారి చూసి, మిగతా మూడూ ఒక్కొక్కటే ఆపించింది, ఒకటి కలిపాకే ఇంకొకటి. ప్రతిసారీ స్పీడు అంతే, తూకం పన్నెండే. బోర్డు మీద నాలుగు సున్నాలు వేసింది.

"సార్, సిలిండరు ఆపితే ఎంత బలం తగ్గుద్దో అదే ఆ సిలిండరు లోపల పుట్టించే బలం. ఇక్కడ ఏది ఆపినా తగ్గింది సున్నా. నాలుగు సున్నాలు కలిపితే సున్నా. లోపల ఏమీ పుట్టని ఇంజను బయటికి తొమ్మిది గుర్రాల పని చేస్తోంది."

కాశీరావు గారు తల ఊపారు. "అయితే పెట్రోలు కూడా తాగదేమో. నా పడవలకి పది కట్టమనండి."

మేడమ్ నవ్వలేదు. ఇంజను చుట్టూ తిరిగింది. గవర్నరు దగ్గర వంగి, కడ్డీని వేలితో తాకింది.

"ఇది ఎవరు పెట్టమన్నారు?"

"మీరే కదండీ. స్పీడు కదలకుండా ఉండాలని."

"ఉండాలని కాదండీ. ఉంచాలని చెప్పాను. ఉంచేది టెస్టు చేసేవాళ్లు."

ఒక్క అక్షరం. ఆమె ఉంచాలంది, కాశీరావు గారి నోట్లో అది ఉండాలి అయింది, నా చెవిలో గవర్నరు అయింది. ఆమె విసుక్కోకుండా విడమరిచి చెప్పింది. సిలిండరు ఆపినప్పుడు కార్బురేటరులో పెట్రోలు పోయే తెరపు అలాగే ఉండాలి. అప్పుడు స్పీడు పడిపోతుంది. పడిన స్పీడును పెట్రోలు పెంచి కాదు, మీద ఉన్న బరువు తగ్గించి పాత చోటికి తేవాలి. స్పీడు అదే అయితే ఇంజను లోపలి రాపిడికి పోయే బలం కూడా దాదాపు అదే. కాబట్టి తగ్గించిన బరువంతా ఆపిన సిలిండరుదే అవుతుంది. గవర్నరు ఉంటే మిగతా మూడింటికీ ఎక్కువ పెట్రోలు పోయించి, లేని సిలిండరు లోటు కనపడకుండా పూడ్చేస్తుంది.

"ఆ కడ్డీ తీసేసి, తెరపు కదలకుండా స్క్రూ బిగించండి. మళ్లీ చేద్దాం."

బావ కదల్లేదు. "ఇంజను బాగా వేడెక్కింది మేడమ్. ఇవాళ్టికి వదిలేసి ఇంకో రోజు పెట్టుకుందాం."

"వేడెక్కిన ఇంజను మీదే చెయ్యాలండీ ఈ టెస్టు."

"వాటర్ పంపు సరిగ్గా లాగట్లేదేమో..."

"బావా, తియ్యి," అన్నాను. తన పని గురించి అతను సాకు చెప్పడం నేను వినడం అదే మొదటిసారి. అయినా నాకు వెలగలేదు.

కడ్డీ తీశాడు. స్క్రూ బిగించాడు. మళ్లీ నాలుగింటి మీద పదిహేను వందలు, పన్నెండు కిలోలు. ఒకటోది ఆపగానే ఇంజను మూలిగి స్పీడు దిగజారింది. మేడమ్ చక్రం తిప్పి లోడు తగ్గించుకుంటూ వచ్చింది. ముల్లు పదిహేను వందలకు ఎక్కేసరికి తూకం ఏడున్నర. ఒకటోది కలిపి, ఇంజనును మళ్లీ మొదటి నడకకు తెచ్చి, రెండోది ఆపింది. ఏడున్నర. నాకు ప్రాణం లేచి వచ్చింది.

మూడోది ఆపింది. స్పీడు కొంచెమే పడింది. కొంచెం లోడు తగ్గించగానే ముల్లు తన చోటికి వచ్చేసింది. తూకం పది.

నాలుగోది మళ్లీ ఏడున్నర.

ఆమె బోర్డు తుడిచి రాసింది. నాలుగున్నర, నాలుగున్నర, రెండు, నాలుగున్నర. మొత్తం పదిహేనున్నర. బయటికి వచ్చింది పన్నెండు, రాపిడికి పోయింది మూడున్నర.

"మూడోది సగం కూడా లాగట్లేదు," అంది.

"ప్లగ్గు అయ్యుంటదండీ," అన్నాను. మూడో ప్లగ్గు నాలుగులోకి, నాలుగోది మూడులోకి మార్పించింది. మళ్లీ చేస్తే మూడోది ఆపినప్పుడే తూకం పది. జబ్బు ప్లగ్గుతో పాటు నడిచి రాలేదు.

"కంప్రెషన్ గేజు ఉందా?"

"పెట్టెలో ఉంది. తాళం షెడ్డులో మర్చిపోయా," అన్నాడు బావ.

తాళం అతని చొక్కా జేబులోంచి కనిపిస్తోంది. నేనే తీసుకుని పెట్టె తెరిచాను. ఇంజను ఆపి, ప్లగ్గులన్నీ ఊడదీసి, తెరపు పూర్తిగా తెరిచి గేజు పెట్టి తిప్పితే మూడు సిలిండర్లలో గాలి ఒత్తిడి చూపే ముల్లు నూట ఇరవై దాకా పోయింది. మూడోదాంట్లో ఎనభై దాటలేదు. ఆ రింగుల మీదుగా గాలి దిగిపోతోంది.

కాశీరావు గారు లేచి నిలబడ్డారు.

"సాయిబు గారూ, నాలుగింట్లో ఒకటి మెత్తబడింది. మా బేరంలో అయితే బుట్టలో పావు సరుకు మెత్తబడితే పావు ధర కోస్తాం."

"పోయింది పావు కాదు సార్," అంది మేడమ్. "ఆ సిలిండర్లోనే సగం పైన పోయింది. మొత్తం మీద చూస్తే ఏడో వంతు కూడా ఉండదు."

"మీ లెక్క పిల్లలకి చెప్పండమ్మా. నాది నాకొదిలెయ్యండి. అసలిది వద్దు, వెనక్కి పట్టుకుపొమ్మందామా?"

"వద్దు సార్. నాకు ఇది ఇలాగే కావాలి. నాలుగూ సమానంగా ఉంటే పిల్లలు ఒకటి కొలిచి మిగతా మూడూ ఊహించి రాసేస్తారు. దీన్ని ఊహించలేరు. నాలుగూ కొలవాల్సిందే."

ఆమె మెచ్చుకుందో తిట్టిందో తెలియలేదు. కాశీరావు గారికి మాత్రం తెలిసింది. కొనేవాడికి సరుకు కావాలని, అందులో లోపం ఉందని ఒకే పూట తెలిస్తే ఏం చేస్తాడో అదే చేశాడు. పావు ధర కోశాడు. ఆయన స్థానంలో ఉంటే నేనూ కోసేవాణ్ని. వియ్యంకుడి కాలేజీల మాట మళ్లీ ఎత్తలేదు. నేను ఎత్తితే, "చూద్దాం లెండి," అన్నాడు. వ్యాపారంలో ఆ మాటకు చూడను అని అర్థం.

తిరుగు దారిలో గుడివాడలో టీ కోసం లారీ ఆపాం. గ్లాసు చేతికి వచ్చాక అడిగాను.

"రింగులు నాలుగింటికీ తెచ్చి ఇచ్చాగా బావా."

"ఇచ్చావు."

"మూడోదానివి ఏవి?"

"తారిక్ టాక్సీలో ఉన్నాయి." టీ ఊదుకుని తాగాడు. "మూడోదాంట్లో పాతవే వేసి వాల్వులు బాగా కూర్చోబెట్టా. పొగ రాదు, తడబడదు. పాతికేళ్లుగా చేస్తున్నా. బండి కదిలిందా లేదా అనే అడిగారు గాని, మూడో సిలిండరు ఎంత లాగుతోంది అని ఒక్కడన్నా అడిగాడా? ఇట్టా ఒక్కోదాన్ని పక్కకి పిలిచి లెక్క అడిగే టెస్టుంటదని నాకేం తెలుసు?"

"గవర్నరు పెడదామన్నప్పుడు తెలిసిందిగా. దాచుద్దని."

"గవర్నరు నీ తెలివి. నాదేముంది అందులో? దాచుద్దంటే ఎవరు వద్దంటారు?"

"నా పరువు తీశావు బావా."

"నువ్వు నాకు ఎంత వాటా ఇచ్చావు?"

"పావలా. ఒప్పుకున్నావుగా."

"నోటితో ఒప్పుకున్నా. అక్కడ ఇంజను బిగించింది ఎవరు? మేడమ్ లోడు తిప్పుతుంటే ఇంజను ఆగకుండా నడిచింది ఎవరి పని మీద? రూపాయి పని చేసి పావలా తీసుకుంటున్నా. అందుకే నాలుగింట్లో ఒకటి నాకుంచుకున్నా. నీకు నచ్చకపోవచ్చు గాని లెక్క సరిపోయింది."

టీ కొట్టు దగ్గరున్న వాళ్లు మావైపు చూస్తున్నారు. గొంతు తగ్గించి, రేపట్నుంచి షెడ్డుకు రావద్దని చెప్పాను.

అతను గ్లాసు బల్ల మీద పెట్టాడు. "ఆ మేడమ్ ఒక్కోదాన్ని ఆపి, చూసి, మళ్లీ కలిపింది. గమనించావా? నీకు ఆపడం వచ్చు బామ్మర్దీ. కలపడం రాదు."

లారీలో విజయవాడ దాకా అతను వెనక, ఖాళీ పెట్టెల మీద కూర్చుని వచ్చాడు.

మర్నాడు అక్క షెడ్డుకు వచ్చింది. ఎప్పుడూ రాని మనిషి. కూర్చోమంటే కూర్చోలేదు.

"నా మొగుడు దొంగే. కాదనను," అంది. "రింగులు అమ్ముకున్నాడు. మరి నువ్వేం అమ్ముకున్నావురా? పాతికేళ్ల పనోడిని పావలాకి కట్టేటప్పుడు, వీడు నా అక్క మొగుడు, ఎక్కడికి పోతాడులే అనుకున్నావా లేదా?"

"వ్యాపారం వేరు, చుట్టరికం వేరు అక్కా."

"వేరైతే బయటోడికి ఇచ్చే కూలి ఇవ్వాల్సింది. చుట్టమైతే సగం ఇవ్వాల్సింది. నువ్వు రెండింట్లో ఏది తక్కువో అది చూసుకున్నావు."

నా దగ్గర జవాబు లేదని కాదు. ఉంది. చెప్పేలోపు వెళ్లిపోయింది. మా గుమ్మం తొక్కడం అంతటితో మానేసింది.

బావ చోట పటమట నుంచి అంతోని అనే మెకానిక్కును నెలజీతానికి పెట్టుకున్నాను. వాటా మాట లేదు. నిజాయితీపరుడు. ఏ పనీ దాచడు, ఏ సామానూ పక్కకు పోనివ్వడు. రెండో ఇంజనుకు నాలుగు సిలిండర్లలోనూ కొత్త రింగులు వేసి తళతళలాడేలా కట్టాడు. గవర్నరు పెట్టలేదు. దాన్ని గుంటూరు వైపు కాలేజీకి పంపుదామని అక్కడి మాస్టారికి ఫోన్ చేశాను. పద్మశ్రీ మేడమ్ ఆయనతో కలిసి చదువుకుందట. మా ఇంజను సంగతి ఆయనకు ముందే చేరింది.

"మూడో సిలిండరు నీరసంగా ఉండే ఇంజను మీదేనా?" అన్నాడు.

"అది పాత మాటండీ. ఇప్పుడు నాలుగూ సమానమే. గ్యారంటీ."

"సమానంగా ఉన్నవి కోయంబత్తూరులో బోలెడు. మాకు మేడమ్ దగ్గరున్నటువంటిదే కావాలి."

అంతోనికి చెప్పాను, ఒకదాన్ని నీరసం చెయ్యమని. అతను నావైపు పిచ్చివాణ్ని చూసినట్టు చూశాడు. అయినా మూడోదాంట్లో అరిగిన రింగులు వేశాడు. అరగంట నడిచేసరికి ఆయిలు పైకెక్కి ప్లగ్గు మసిబారింది, ఆ సిలిండరు పూర్తిగా చచ్చిపోయింది. ఇంకోసారి వేరే రింగులు వేస్తే పొగ. మూడోసారి వాల్వు సందు పెంచితే వాల్వే కాలిపోయింది. చంపడం తేలిక, పూర్తి బలంతో నడిపించడం తేలిక. ఏళ్ల తరబడి అదే సగం బలంతో, పొగ లేకుండా, తడబడకుండా నడిపించడం అంతోనికి చేతకాలేదు. అతను అది ఎక్కడ నేర్చుకుంటాడు? జీతగాడికి ఆ అవసరం ఎప్పుడూ పడలేదు.

చివరకు ఆ మాస్టారే మళ్లీ ఫోన్ చేశాడు.

"ముస్తాక్ గారూ, ఏమనుకోకండి. ఆ ఇంజను కట్టిన మీ బావగారు ఇప్పుడు ఎక్కడ ఉంటున్నారు?"

పక్క వీధిలోనే ఉన్నాడు. తారిక్ షెడ్డులో ఒక మూల తీసుకుని, సగం వాటాకు పని చేస్తున్నాడు. చెప్పాను. చెప్పకపోయినా ఆటోనగర్లో ఎవరైనా చెబుతారు. గుంటూరు ఆర్డరు అతనికి పోయింది. ఆ వెనకే కాశీరావు గారి వియ్యంకుడి కాలేజీలు మూడూ పోయాయి.

నా రెండో ఇంజనును మళ్లీ విప్పించి, సామాన్లు సామాన్లుగా అమ్మేశాను. విడిగా అమ్మితే బిగించిన ధర రాదు. లోహానికి మాత్రం లోటు రాలేదు.

మొత్తం లెక్క తేలింది. పావు కోసిన ధరకు సామాన్ల డబ్బు కలిపి, అందులోంచి ఇంజన్ల ఖరీదు, షెడ్డు అద్దె, లారీ కిరాయి, గవర్నరు, మూడుసార్లు పాడుచేసిన రింగులూ వాల్వులూ తీసేస్తే, ఆ వ్యాపారంలో నాకు నికరంగా మిగిలింది అంతోనికి నేను బాకీ పడ్డ ఆరు నెలల జీతం. అంతోనికి అది ఇచ్చి పంపేశాను.